ఐదు వందలకు ఎంత పెట్రోలు రావాలి? రేటు మారిన రోజు బంకులో లెక్క చూసుకోవడం ఎలా

పెట్రోలు రేటు మారిన ప్రతిసారీ మా అపార్ట్‌మెంట్ సెల్లారులో ఒకే ప్రశ్న వినిపిస్తుంది. "రేటు తగ్గిందన్నారు, ఐదు వందలు కొట్టించాను, ముల్లు పెద్దగా లేవలేదు. బంకువాడు నొక్కేశాడా?" హైదరాబాద్‌లో మనలో చాలామంది లీటర్లలో అడగం. వంద, రెండు వందలు, ఐదు వందలు అంటాం. రేటు మారినా మనం ఇచ్చే నోటు మారదు, ట్యాంకులో పడే పెట్రోలు మాత్రం మారుతుంది. ఎంత మారాలో ముందే తెలియకపోతే, మారిందో లేదో చూసి చెప్పడం ఎవరివల్లా కాదు. అడిగినవారికి ఇన్నాళ్లూ నోటితో చెబుతూ వచ్చాను, ఈసారి రాసి పెడుతున్నాను.

కావలసినవి: ఫోనులో కాలిక్యులేటర్, ఆ రోజు రేటు, బంకులో మీటరు కనిపించేలా నిలబడే ఓపిక. అవసరమైతే బంకువారి దగ్గరే ఉండే ఐదు లీటర్ల కొలపాత్ర. దాని సంగతి తర్వాత చెబుతాను.

లెక్కకు ఒక నిజమైన సందర్భం తీసుకుందాం. 2024 మార్చి 15న ఉదయం 6 గంటలకు హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు 109.66 రూపాయల నుంచి 107.41కి తగ్గింది. మీరు చదివే రోజుకు రేటు వేరుగా ఉంటే ఆ అంకె పెట్టుకోండి, పద్ధతి ఇదే.

1. ఆ రోజు రేటు పక్కాగా తెలుసుకోండి

2017 జూన్ 16 నుంచి దేశమంతటా కొత్త రేటు ఉదయం 6 గంటలకు అమల్లోకి వస్తోంది. అంతకు ముందు నెలలో రెండుసార్లు, అర్ధరాత్రి మారేది. కాబట్టి ముందు రోజు సాయంత్రం టీవీలో "ధర తగ్గింది" అని విని, రాత్రి పది గంటలకు బంకుకు వెళ్తే పాత రేటే ఉంటుంది. అందులో మోసం లేదు. తెల్లవారి ఆరు దాటాక వెళ్లండి. పెరుగుతుందని తెలిస్తే ఆరు లోపే వెళ్లండి.

టీవీలో ఎక్కువగా చెప్పేది ఢిల్లీ లెక్క. 2024 మార్చిలో "రెండు రూపాయలు తగ్గింపు" అన్నారు, మన దగ్గర తగ్గింది 2.25. పైన రాష్ట్ర వ్యాట్ ఉంటుంది కదా, అసలు ధర తగ్గితే దానిమీద వేసే వ్యాట్ కూడా ఆ మేరకు తగ్గుతుంది. అందువల్ల ప్రకటించిన తగ్గింపును పాత రేటులోంచి తీసేసి కొత్త రేటు కట్టకండి.

ఫలానా బంకులో రేటెంతో ఇంట్లోంచే చూడాలంటే, బంకులో రాసి ఉండే డీలర్ కోడ్‌తో ఎస్సెమ్మెస్ పంపవచ్చు. ఇండియన్ ఆయిల్ బంకుకు అయితే కింది సందేశం 9224992249కి పంపాలి. డీలర్ కోడ్ ఉన్నచోట ఆ బంకు కోడ్ వేయండి.

```
RSP డీలర్ కోడ్
```

2. వందకు ఎన్ని మిల్లీలీటర్లో ఒక్కసారి లెక్క కట్టండి

అసలు పని ఇదొక్కటే. కాలిక్యులేటర్‌లో లక్షను రేటుతో భాగించండి. వచ్చేది వంద రూపాయలకు రావలసిన పెట్రోలు, మిల్లీలీటర్లలో.

```
100000 ÷ 109.66 = 911.9
100000 ÷ 107.41 = 931.0
```

అంటే పాత రేటుకు వందకు 912 మిల్లీలీటర్లు వచ్చేవి, కొత్త రేటుకు 931 రావాలి. మళ్లీ రేటు మారేదాకా ఈ 931 ఒక్కటి గుర్తుంటే చాలు. నేను ఫోనులో పాల లెక్క రాసుకునే చోటే దీన్నీ రాసుకుంటాను.

3. మీరిచ్చే మొత్తానికి హెచ్చించండి

రెండు వందలకు 931ని రెండుతో హెచ్చిస్తే 1862, అంటే 1.86 లీటర్లు. మూడు వందలకు 2.79. ఐదు వందలకు 4655 మిల్లీలీటర్లు, అంటే 4.65 లేదా 4.66. వెయ్యికి 9.31.

పాత రేటుకు ఐదు వందలకు వచ్చింది 4.56. తేడా 95 మిల్లీలీటర్లు. చిన్న కప్పు టీ అంత. సెల్లారులో ప్రశ్నకు జవాబు ఇదే: ఒక కప్పు టీ ఎక్కువైతే బండి ముల్లు కదలదు. కదలాలని ఎదురుచూసి బంకువాడిని అనుమానిస్తే పొరపాటు ముల్లుది కాదు.

కాలిక్యులేటర్ చేతిలో లేనప్పుడు ఒక అడ్డదారి ఉంది. రేటు 105 నుంచి 110 మధ్య ఉన్నంతకాలం, లీటరుకు ఒక రూపాయి మారితే వందకు సుమారు ఎనిమిదిన్నర మిల్లీలీటర్లు మారతాయి. రూపాయలు 2.25 తగ్గితే 19 మిల్లీలీటర్లు పెరగాలి, 912 నుంచి 931 దాకా ఉన్న తేడా సరిగ్గా అంతే. రేటు బాగా పెరిగినా, బాగా తగ్గినా ఈ ఎనిమిదిన్నర చెల్లదు, మళ్లీ భాగించుకోవాలి.

డీజిలు బండికీ ఇదే పద్ధతి. అదే రోజు డీజిలు 97.82 నుంచి 95.65కి దిగింది. వందకు 1022 మిల్లీలీటర్లు వచ్చేది, 1045 అయింది. రెండు వేలకు కొట్టించే కారుకు దాదాపు అర లీటరు తేడా.

4. బండి ఆపగానే ముందు రేటు గడి చూడండి

మీటరు మీద మూడు అంకెలుంటాయి: డబ్బు, లీటర్లు, లీటరు రేటు. అందరి కళ్లూ డబ్బు గడి మీదే ఉంటాయి. రేటు మారిన రోజు ముందు చూడవలసింది మూడోది. బంకు ముందు బోర్డు మీద కొత్త రేటు ఉండి, మీటరులో పాతది ఉంటే మీకు పడేది మీటరు రేటే. అలా కనిపిస్తే నాజిల్ ఎత్తకముందే చెప్పండి. కొట్టించాక చెబితే మాటలు పెరుగుతాయి, లీటర్లు పెరగవు.

రేటు గడిలో మీరనుకున్నదానికంటే చాలా ఎక్కువ కనిపిస్తే అది ప్రీమియం పెట్రోలు కావచ్చు. ఎక్స్‌పీ95, పవర్, స్పీడ్ అని కంపెనీకో పేరు. మామూలు పెట్రోలు వరుస పొడుగ్గా ఉంటే "ఇటు రండి సార్" అని ఖాళీగా ఉన్న ప్రీమియం గన్ను దగ్గరికి పిలుస్తారు. అక్కడ ఐదు వందలకు తక్కువ లీటర్లు రావడంలో తప్పు లేదు, రేటే ఎక్కువ. అయినా లెక్కకు సరిపోవడం లేదని వచ్చే ఫిర్యాదుల్లో నాకు ఎక్కువగా కనిపించేది ఇదే. బిల్లు తీసి రేటు చూస్తే విషయం తేలిపోతుంది.

5. సున్నా చూడండి, అది నాజిల్ ఎత్తాక వచ్చిన సున్నాయేనా అన్నదీ చూడండి

ఈ మెట్టు దగ్గర కాస్త ఆగుదాం. లెక్క బాగా వచ్చినవారు కూడా మోసపోయేది ఇక్కడే, నేనూ పోయాను.

నగరంలోని ఒక బంకులో ఐదు వందలన్నాను. కుర్రవాడు తల ఊపి నాజిల్ పెట్టాడు. నేను పర్సు తీసి తలెత్తేసరికి 200 దగ్గర ఆగింది. "అయ్యో, రెండు వందలనుకున్నాను సార్. మిగతా మూడు వందలు కొడతాను" అన్నాడు. నాజిల్‌ను దాని చోట పెట్టకుండా, ట్యాంకులోంచి తీయకుండా, మీటలు నొక్కాడు. పక్కన ఇంకొకతను కార్డా, ఫోన్‌పేనా అని అడిగాడు, అటు తిరిగాను. మళ్లీ చూసేసరికి మీటరు మీద 300, లీటర్ల గడిలో 2.79. మూడు వందలకు 2.79 రావాలి కదా, లెక్క కుదిరింది. సంతోషంగా ఐదు వందలు ఇచ్చి వచ్చాను.

ఇంటికొచ్చాక తట్టింది. మీటరు సున్నా నుంచి 300 దాకా పోలేదు, 200 నుంచి 300 దాకా పోయింది. నాకు మొత్తం పడింది 2.79 లీటర్లే. రావలసింది ముందు 1.86, తర్వాత 2.79, కలిపి 4.65. రెండు వందల రూపాయల పెట్రోలు పోయింది. చివరి అంకెను చూసి లెక్క కట్టడంలో ఉన్న లోపం ఇదే: ఆ అంకె మూడు వందలకు సరిగ్గానే ఉంటుంది, మధ్యలో సున్నా పడిందో లేదో అది చెప్పదు.

కాబట్టి మధ్యలో ఆగితే ఇలా చేయండి:

- నాజిల్‌ను తిరిగి దాని చోట పెట్టమనండి. పెట్టి మళ్లీ ఎత్తితేనే కొత్త లెక్క మొదలవుతుంది.
- డబ్బు గడి, లీటర్ల గడి రెండూ సున్నా అయ్యాకే "కొట్టండి" అనండి.
- రెండుసార్లు కొడితే రెండు బిల్లులు అడగండి. ఒకదాని మీద 1.86, రెండోదాని మీద 2.79 ఉండాలి. ఒక్కటే బిల్లు వచ్చి దాని మీద 300 ఉంటే మిగతా కథ అర్థమైనట్టే.

ఫోనుతో డబ్బు చెల్లించేవారికి ఒక మాట. స్కానర్ తెచ్చి ముందే ముఖం ముందు పెడతారు. మీటరు ఆగి, మీరు రెండు గడులూ చదివాకే ఫోను తీయండి. వెనక హారన్ కొడతారు, కొట్టనివ్వండి.

6. ఆగాక లీటర్లు చూసి పోల్చండి, పైసల కోసం మాత్రం పోట్లాడకండి

ఐదు వందలకు 4.655 రావాలి. మీటరు లీటర్లను రెండు దశాంశాల దాకానే చూపిస్తుంది. అందుకని 4.65 కనిపించవచ్చు, 4.66 కనిపించవచ్చు. రెండూ సరే.

కొందరు మరీ జాగ్రత్తగా కనిపించిన లీటర్లను రేటుతో హెచ్చించి చూస్తారు. 4.65ను 107.41తో హెచ్చిస్తే 499.46 వస్తుంది. "యాభై నాలుగు పైసలు నొక్కాడు" అంటారు. 4.66తో చేస్తే 500.53, అప్పుడు బంకువాడే నష్టపోయినట్టు. అసలు ఎవరూ ఎవరినీ నొక్కలేదు. చివరి అంకె ఒకటి మారితే రూపాయి ఏడు పైసలు మారుతుంది, కాబట్టి రూపాయి లోపు తేడా అంకెల సర్దుబాటుది. లీటర్ల గడి మీ లెక్కకంటే 0.02 కన్నా ఎక్కువ తగ్గితే మాత్రం మళ్లీ రేటు గడి చూడండి. తొంభై శాతం జవాబు అక్కడే దొరుకుతుంది.

లెక్క కుదిరింది సరే, పెట్రోలు కుదిరిందా?

ఇప్పటిదాకా చేసింది మీటరు అబద్ధం ఆడడం లేదనుకుని చేసిన లెక్క. పాత రేటు, వేరే పెట్రోలు, పడని సున్నా, ఇవన్నీ దానితో దొరుకుతాయి. మీటరు 4.65 చూపిస్తూ లోపల తక్కువ వదిలితే, ఎంత భాగించినా దొరకదు. అలాంటివి లేకపోలేదు. 2020 సెప్టెంబరులో సైబరాబాద్ పోలీసులు, తూనికలు కొలతల శాఖ కలిసి మీటర్లలో చిప్‌లు అమర్చి తక్కువ పోస్తున్న ముఠాను పట్టుకున్నారు.

దీనికి మందు ఐదు లీటర్ల కొలపాత్ర. ముద్ర వేసిన పాత్ర ప్రతి బంకులో ఉండాలి, అడిగితే మీ ముందే కొలిచి చూపాలి. అడగడానికి మొహమాటపడకండి. కొలిచేటప్పుడు ఈ మూడూ చూడండి.

పాత్ర లోపల తడిగా ఉండాలి. పూర్తిగా ఎండిన పాత్రలో కొంత పెట్రోలు గోడలకు అంటుకుంటుంది, కొలత తక్కువగా కనిపిస్తుంది. అప్పుడు బంకువారిని తప్పుపట్టడం న్యాయం కాదు. ముందు ఒకసారి నింపి, పారబోయించి, రెండోసారి కొలవమనండి. పాత్రను చదునైన చోట పెట్టమనండి, గీత కంటికి ఎదురుగా చూడండి. మీకు కొట్టిన నాజిల్‌తోనే కొలవమనండి, పక్కదానితో కాదు. ఒక యంత్రానికి రెండు నాజిళ్లుంటే రెండూ ఒకేలా ఉండాలని లేదు.

ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్లు అటూ ఇటూ ఉంటే నిబంధనల ప్రకారం సరైనట్టే. మన ఐదు వందలకు అది సుమారు 23 మిల్లీలీటర్లు. అంతకు మించి తగ్గితే ఆ నాజిల్‌తో అమ్మడం ఆపమని అడగండి.

తరచూ జరిగే పొరపాట్లు

అన్నిటికంటే ఎక్కువగా వినేది: "ఐదు వందలు అనొద్దు, ఐదు వందల పది అనాలి. గుండు అంకెలకు మీటరును ముందే సర్దిపెడతారు." మీటరు లోపలి చిప్ తక్కువ పోస్తుంటే అది ప్రతి లీటరుకూ తక్కువ పోస్తుంది. ఐదు వందల పదికీ, ఐదు వందల పదమూడుకూ అంతే. చిల్లర మొత్తం చెబితే కలిసొచ్చేది ఒక్కటే, కుర్రవాడు అంకెలు నొక్కేటప్పుడు మీరూ చూస్తారు. చూసే అలవాటుంటే గుండు అంకె చాలు.

రెండోది శాతాల లెక్క. ధర ఎంత శాతం తగ్గిందో పెట్రోలు అంతే శాతం పెరుగుతుందనుకుంటారు. చిన్న మార్పులో తేడా కనిపించదు, పెద్ద మార్పులో కనిపిస్తుంది. 2022 మే 22న హైదరాబాద్‌లో పెట్రోలు 119.49 నుంచి 109.66కి దిగింది. ధర తగ్గింది 8.2 శాతం. ఐదు వందలకు వచ్చే పెట్రోలు 4.18 నుంచి 4.56కి పెరిగింది, అంటే దాదాపు 9 శాతం. శాతంతో లెక్క కట్టినవారు 4.53 వస్తుందనుకుని, 4.56 చూసి బంకువాడు 30 మిల్లీలీటర్లు ఊరికే ఇచ్చాడని మురిసిపోయారు. శాతం వదిలేయండి, ప్రతిసారీ కొత్త రేటుతో భాగించండి.

మూడోది, పోయినవారం ఎంత వచ్చిందో దానితో పోల్చడం. రేటు రోజూ కదిలే రోజుల్లో ఇది పనికిరాదు. 2022 మార్చి 22 నుంచి ఏప్రిల్ 6 దాకా పదహారు రోజుల్లో పద్నాలుగు సార్లు పెంచారు. హైదరాబాద్‌లో 108.20 ఉన్నది 119.49 అయింది. ఐదు వందలకు 4.62 వచ్చేది 4.18కి పడిపోయింది, ఒక్కో పెంపుకు సగటున 31 మిల్లీలీటర్లు. అప్పుడు రోజూ ఒకే మొత్తం కొట్టించిన ఆటో డ్రైవరుకు ఏ రోజుకారోజు బంకు నిజాయతీగా ఉన్నా ట్యాంకు తగ్గుతూనే కనిపించింది. పోల్చవలసింది ఆ రోజు రేటుతోనే.

ట్యాంకును కొలపాత్రగా వాడడం నాలుగోది. కంపెనీ ఐదు లీటర్లు అని రాసిన స్కూటర్ ట్యాంకులో మెడ దాకా నింపితే అంతకంటే ఎక్కువే పట్టవచ్చు. రిజర్వులో ఎంత మిగిలిందో ఎవరికీ కచ్చితంగా తెలియదు. "నా ట్యాంకు ఐదే, మీటరులో ఐదున్నర చూపించాడు" అని ఫిర్యాదు చేస్తే నిలవదు.

గుండు మొత్తం వద్దనుకుంటే

లీటర్లలో అడగండి. ఐదు లీటర్లంటే 537.05 రూపాయలు. ఒకప్పుడు చిల్లర దొరక్క ఈ దారి ఎవరూ పట్టేవారు కాదు, ఫోనులో చెల్లించేవారికి ఇప్పుడు ఆ బాధ లేదు. ఇందులో లాభం, రేటు మారిన రోజు లీటర్ల గడి మారదు, డబ్బు గడి మాత్రమే మారుతుంది. డబ్బు తేడా కంటికి వెంటనే ఆనుతుంది. నెలకింత అని ఖర్చు కట్టేసుకున్నవారికి మాత్రం ఐదు వందల నోటే హాయి.

తేడా నిజంగానే దొరికితే

బంకు మేనేజరును పిలిచి, మీటరును సున్నా చేయకముందే ఫొటో తీయండి. మూడు గడులూ కనిపించాలి. బిల్లు మీద సమయం, రేటు, లీటర్లు, మొత్తం ఉన్నాయో లేదో చూసుకోండి, నాజిల్ సంఖ్య లేకపోతే మీరే రాసుకోండి. కొలపాత్ర పరీక్ష అడగండి, చేయనంటే ఆ మాటే ఫిర్యాదు పుస్తకంలో రాయండి. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేయవచ్చు, లేదా తూనికలు కొలతల శాఖకు రాయవచ్చు. రాసేటప్పుడు "తక్కువ పోశారు" అని రాస్తే పని జరగదు. "ఫలానా తేదీ, ఫలానా సమయం, రెండో నాజిల్, రేటు 107.41, చెల్లించింది 500, రావలసింది 4.65, మీటరు చూపింది ఇంత, కొలపాత్రలో ఐదు లీటర్లకు ఇంత తక్కువ" అని రాయండి. అధికారి వచ్చి అదే నాజిల్‌ను కొలవగలిగేలా ఉండాలి.